34 సార్లు "వనామీ రొయ్యల సాగు": ఒక వ్యాసాన్ని అర్థం చెడకుండా బాగుచేసిన కేసు

ముందు ఈ మూడు వాక్యాలు చదవండి.

"నెల్లూరు జిల్లాలో వనామీ రొయ్యల సాగు చేసే రైతులు వనామీ రొయ్యల సాగులో వైట్ స్పాట్ వ్యాధి రాకుండా జాగ్రత్తలు తీసుకోవాలి. వనామీ రొయ్యల సాగులో వైట్ స్పాట్ వ్యాధి వస్తే వనామీ రొయ్యల సాగు మొత్తం నష్టపోతుంది. అందుకే వనామీ రొయ్యల సాగు మొదలుపెట్టే ముందు వైట్ స్పాట్ వ్యాధి గురించి తెలుసుకోవాలి."

మూడు వాక్యాల్లో ఒకే మాట ఐదుసార్లు, ఇంకో మాట మూడుసార్లు. ఇందుకూరుపేట వైపు రొయ్యల మేత, మందులు అమ్మే ఒక షాపు వాళ్ల వెబ్‌సైట్‌లో ఉన్న వ్యాసం ఇది. మొత్తం 1,380 పదాలు. రాసిన మనిషికి ఎవరో కీవర్డ్ ఎన్నిసార్లు వస్తే గూగుల్‌లో అంత పైకి వస్తుందని చెప్పినట్టున్నారు. ఏడాది అలాగే ఉంచారు. తర్వాత ఇంకెవరో షాపు ఓనర్‌కి "ఇది స్పామ్ లాగా ఉంది, పదాలు మార్చండి" అని చెబితే, మొదట రాసిన మనిషే ఫైండ్ అండ్ రీప్లేస్ పెట్టి ఒక పూటలో పదాలు మార్చేసి ఇచ్చారు. ఆ రెండో వెర్షన్ చదివిన రైతులు ఫోన్ చేసి "వైట్ స్పాట్‌కి మీ దగ్గర ట్రీట్‌మెంట్ ఉందంట కదా" అని అడగడం మొదలుపెట్టారు. అప్పుడు నాకు ఫోన్ వచ్చింది.

గూగుల్ తన స్పామ్ నియమాల్లో కీవర్డులు దట్టించడాన్ని పేరు పెట్టి మరీ వద్దంటుంది, ఇంత శాతం ఉండాలి అనే లెక్క మాత్రం ఎక్కడా ఇవ్వలేదు. కాబట్టి నేను శాతం కోసం పని చేయలేదు. రొయ్యల గుంట కట్ట మీద నిలబడి ఫోన్‌లో చదివే రైతుకి ఒక్కసారిలో అర్థం కావాలి, ఒక్క విషయం కూడా తప్పుగా అర్థం కాకూడదు. ఈ కేసులో నేను పెట్టుకున్న కొలత ఇదే.

లెక్క ఎందుకు తప్పు వస్తుంది

ఓనర్ దగ్గర ఒక ఆన్‌లైన్ టూల్ రిపోర్టు ఉంది. "వనామీ రొయ్యల సాగు" 13 సార్లు ఉందని చూపించింది. 1,380 పదాల్లో 13 అంటే మరీ ఘోరం కాదు కదా అని ఆయన అనుమానం. నేను చేత్తో లెక్కపెడితే 34 వచ్చాయి.

తేడా తెలుగులోనే ఉంది. చాలా టూల్స్ రెండు ఖాళీల మధ్య ఉన్నదాన్ని ఒక పదం అనుకుంటాయి. మనకి విభక్తులు పదానికే అతుక్కుంటాయి కాబట్టి సాగు, సాగులో, సాగుకు, సాగుని అనేవి వాటి లెక్కలో నాలుగు వేరే పదాలు. 13 చోట్ల "సాగు", 14 చోట్ల "సాగులో", 5 చోట్ల "సాగుకు", 2 చోట్ల "సాగుని" ఉన్నాయి. చదివేవాళ్ల చెవికి అన్నీ ఒకటే దెబ్బ.

"వైట్ స్పాట్" ఇంకో రకం చిక్కు. ఒకే వ్యాసంలో మూడు రకాలుగా టైప్ చేశారు. 21 చోట్ల మధ్యలో స్పేస్ ఉంది, 6 చోట్ల కంటికి కనపడని నాన్-జాయినర్ అక్షరం ఉంది, 2 చోట్ల ఏమీ లేకుండా కలిసిపోయి ట కింద స ఒత్తు పడింది. ఎడిటర్‌లో స్పేస్ పెట్టి వెతికితే 21 మాత్రమే దొరుకుతాయి. ఇక "వ్యాధి" అని వెతికితే "వ్యాధులు" దొరకదు, ఎందుకంటే బహువచనంలో ధి కాస్తా ధు అయిపోతుంది. "నీరు" అని వెతికితే "నీటిలో", "నీళ్లు" తగలవు. అందుకని నేను చిన్న పైథాన్ ముక్కతో లెక్కపెడతాను:

```python
import re
t = open("royyalu.txt", encoding="utf-8").read()
print(len(re.findall("వనామీ రొయ్యల సాగు", t)))
print(len(re.findall("వైట్[ \u200c]*స్పాట్", t)))
print(len(re.findall("వ్యాధ[ిు]", t)))
```

మొదటి print లైను పదం చివర ఏం అతుక్కున్నా పట్టుకుంటుంది. రెండోది స్పేస్ ఉన్నా, నాన్-జాయినర్ ఉన్నా, రెండూ లేకపోయినా పట్టుకుంటుంది. మూడోది వ్యాధి, వ్యాధులు రెండింటినీ. ఈ వ్యాసానికి వరుసగా 34, 29, 38 వచ్చాయి. ఈ అంకెల పని ఇంతవరకే. ఎక్కడెక్కడ చూడాలో చెబుతాయి, ఏం చేయాలో చెప్పవు.

ఇంకో మాట. నేను పని మొదలుపెట్టింది మొదటి వెర్షన్ మీదే, రెండోదాని మీద కాదు. రెండోదాంట్లో పదాలతో పాటు కొన్ని చోట్ల అర్థం కూడా పోయింది, పోయిన అర్థం దాన్ని చూసి తిరిగి తెలుసుకోలేం. ఇలాంటి పని చేతికొస్తే పాత ఫైలు ఉందేమో ముందు అడగండి.

మార్చడం కంటే తీసేయడమే ఎక్కువ

పదే పదే వచ్చే మాటకి పర్యాయపదం వెతకాలి అనేది చాలామంది మొదటి ఆలోచన. నా అనుభవంలో తెలుగు వ్యాసాల్లో సగం చోట్ల పర్యాయపదం అవసరమే రాదు. ఒకసారి చెప్పాక మళ్లీ చెప్పకుండా నడవడం తెలుగు వాక్యానికి బాగా తెలుసు. "గుంట ఎండబెట్టాలి, దున్నాలి, సున్నం చల్లాలి" అంటే మూడూ గుంటకేనని ఎవరూ అడగరు. ఈ వ్యాసంలో మాత్రం "వనామీ రొయ్యల సాగులో గుంట ఎండబెట్టాలి. వనామీ రొయ్యల సాగులో గుంట దున్నాలి" అని ఉంది.

34 చోట్లనీ ఒక్కొక్కటిగా చూశాను. ఒక్కోచోట నాలో నేను వేసుకున్న ప్రశ్న ఒకటే: ఈ మాట ఇక్కడ తీసేస్తే చదివేవాళ్లు ఇంకో రొయ్య గురించో, ఇంకో పని గురించో అనుకునే వీలుందా? లేదంటే తీసేశాను. ఉంటే ఉంచాను. ఉంచితే వాక్యం మోటుగా ఉంటేనే మార్చాను. చివరికి 16 తీసేశాను, 9 మార్చాను, 9 ఉన్నవి ఉన్నట్టు ఉంచాను. ఉంచిన వాటిలో టైటిల్, మొదటి వాక్యం, ఒక ఉపశీర్షిక ఉన్నాయి. వెతుక్కుంటూ వచ్చే మనిషి తాను టైప్ చేసిన మాట అక్కడ చూసుకోవాలి, అది న్యాయం. మిగతా ఆరు వనామీని టైగర్ రొయ్యతో పోల్చే పేరాల్లోవి. అక్కడ పేరు ఎన్నిసార్లు వచ్చినా ముట్టుకోలేదు.

ఎందుకో ఒక వాక్యంతో చూపిస్తాను. "వనామీ రొయ్యల సాగుకు మన దేశంలో పెద్ద ఎత్తున అనుమతి 2009లో వచ్చింది" అని వ్యాసంలో ఉంది. రెండో వెర్షన్‌లో దీన్ని "రొయ్యల సాగుకు మన దేశంలో పెద్ద ఎత్తున అనుమతి 2009లో వచ్చింది" అని కుదించారు. చూడ్డానికి నున్నగా ఉంది, కానీ తప్పు. అంతకుముందు ఎన్నో ఏళ్లుగా మన తీరంలో టైగర్ రొయ్య వేశారు. తొంభైల్లో వైట్ స్పాట్ దెబ్బకి ఆరిపోయినవి ఆ టైగర్ గుంటలే. ఆ రోజులు చూసిన వాళ్లు ఈ వాక్యం దగ్గరే పేజీ మూసేస్తారు. "వనామీ సాగు" అని కుదించొచ్చు, "రొయ్యల సాగు" అని కుదించకూడదు. మూడు పదాల మాటలో ఏ పదం తీయొచ్చో వాక్యాన్ని బట్టి మారుతుంది. "రొయ్యల సాగులో కరెంటు ఖర్చు ఎక్కువ" లాంటి చోట వనామీ తీసేసినా నిజం నిజంగానే ఉంటుంది.

మొదటి పేరా, దగ్గరగా

పైన ఇచ్చిన మూడు వాక్యాలను మొదట ఇలా తిరగరాశాను:

"వనామీ రొయ్యల సాగులో వైట్ స్పాట్ వ్యాధి రాకుండా నెల్లూరు జిల్లా రైతులు జాగ్రత్తలు తీసుకోవాలి. అది వచ్చిందంటే పంట మొత్తం పోతుంది. అందుకే గుంటలో పిల్ల వదలక ముందే దాని గురించి తెలుసుకోవాలి."

ఐదు కాస్తా ఒకటి, మూడు కాస్తా ఒకటి అయ్యాయి. చదవడానికి హాయిగా ఉంది. "పంట" అనే మాట రైతులు రొయ్యకీ వాడతారు కాబట్టి అక్కడ బాగా కుదిరింది. మర్నాడు మళ్లీ చదువుతుంటే మూడో వాక్యం దగ్గర ఆగిపోయాను. "సాగు మొదలుపెట్టే ముందు" అన్నదాన్ని "పిల్ల వదలక ముందే" అని మార్చాను. రెండూ ఒకటి కాదు. పిల్ల వదలడానికి ఎన్నో రోజుల ముందే గుంట ఎండబెట్టడం, పీతలు రాకుండా చుట్టూ వల కట్టడం, నీళ్లు బ్లీచింగ్‌తో శుద్ధి చేయడం అయిపోవాలి, వైట్ స్పాట్ జాగ్రత్తల్లో ముఖ్యమైనవి అవే. పిల్ల తెచ్చే ముందు రోజు తెలుసుకుంటే ఆ పనులన్నిటికీ కాలం దాటిపోయినట్టే. నా మార్పు వాక్యాన్ని అందంగా చేసి గడువును వెనక్కి జరిపేసింది. "అందుకే సాగు మొదలుపెట్టక ముందే దాని గురించి తెలుసుకోవాలి" అని పాత మాటకే తిరిగి వచ్చాను. "సాగు" రెండోసారి వచ్చింది. రానీ.

ఈ రకం తప్పు పట్టుకోవడానికి నేను చేసే పని ఒకటుంది. కొత్త వాక్యం పక్కన పాత వాక్యం పెట్టుకుని ఎవరు, ఎప్పుడు, ఎంత, ఏది అనే నాలుగూ రెండింట్లో ఒకటేనా అని చూస్తాను. వాక్యం మొత్తం మీద "అర్థం అదే కదా" అనిపించినప్పుడు కూడా ఈ నాలుగింటిలో ఏదో ఒకటి జారి ఉంటుంది. ఇక్కడ జారింది "ఎప్పుడు".

రోగంకి, రోగంని

రెండో వెర్షన్‌లో "వ్యాధి"ని చాలాచోట్ల "రోగం" అని రీప్లేస్ చేశారు. ఫలితం: "వైట్ స్పాట్ రోగంకి కారణం", "రోగంని గుర్తించడం". తెలుగులో సున్నాతో ముగిసే మాటలకి "కి", "ని" విభక్తులు నేరుగా అతకవు. రోగానికి, రోగాన్ని అవ్వాలి. వ్యాధికి, వ్యాధిని అనేవి ఇకారాంతం కాబట్టి సులభంగా నడుస్తాయి. "జబ్బు" పెడితే జబ్బుకి వరకు బాగానే ఉంటుంది గానీ "వ్యాధిని" కాస్తా "జబ్బుని" అవుతుంది, రాతలో "జబ్బును" కావాలి. "వ్యాధులు" ఉన్నచోట ఫైండ్‌కి అసలు దొరకనే లేదు కాబట్టి అక్కడ వ్యాధులు, పక్కనే రోగం, ఒకే పేరాలో రెండూ ఉండిపోయాయి.

ఏకవచనం, బహువచనం ఇంకో చిక్కు. "రొయ్యలు చనిపోయాయి" అన్నచోట "రొయ్యలు" తీసి "పంట" పెడితే "పంట చనిపోయాయి" అయింది. క్రియ కూడా మారాలి. అసలు పంట చనిపోదు, పోతుంది, దెబ్బతింటుంది. అంటే ఒక నామవాచకం మార్చాలంటే దాని విభక్తి, దాని క్రియ, ముందున్న విశేషణం అన్నీ ఒకసారి తడమాలి. అందుకే తెలుగులో రీప్లేస్ ఆల్ బటన్ నేను నొక్కను. ఫైండ్ నెక్స్ట్ నొక్కుతూ ఒక్కొక్కటీ చదివి మారుస్తాను. 1,380 పదాల వ్యాసానికి రెండు సాయంత్రాలు పట్టింది, అందులో ఎక్కువ సమయం చదవడానికే పోయింది.

పేరు మారితే మందు మారుతుంది

ఇక రైతులు ట్రీట్‌మెంట్ గురించి ఎందుకు ఫోన్ చేశారో చూద్దాం. మొదటి వెర్షన్‌లో "వైట్ స్పాట్ వ్యాధి నివారణ" అనే ఉపశీర్షిక ఉంది. నివారణ అనే మాట మనవాళ్లు రాకుండా ఆపడానికీ వాడతారు, వచ్చాక తగ్గించడానికీ వాడతారు. రెండో వెర్షన్‌లో నివారణ నాలుగైదుసార్లు వచ్చిందని కొన్నిచోట్ల "చికిత్స" అని మార్చారు. వైట్ స్పాట్ వైరస్ వల్ల వచ్చేది. వచ్చాక తగ్గించే మందు లేదు. ఒక్క పదం మార్పుతో, మందులు అమ్మే షాపు లేని మందు ఉందని చెప్పినట్టయింది. నేను ఆ ఉపశీర్షికని "వైట్ స్పాట్ రాకుండా ఏం చేయాలి" అని రాశాను. లోపల "నివారణ" అనే మాట మొత్తానికే తీసేసి, ఎక్కడికక్కడ "రాకుండా", "పాకకుండా" అని క్రియల్లో చెప్పాను. ఇలా చేస్తే మాట తిరిగి తిరిగి రావడం పోయింది, అనుమానమూ పోయింది.

"వైట్ స్పాట్"కి తెలుగులో "తెల్లమచ్చ" అనే పేరు ఉంది, రైతులు వాడతారు కూడా. దాన్ని మూడుచోట్ల వాడాను. మొదటిసారి వచ్చినచోట "వైట్ స్పాట్, అంటే తెల్లమచ్చ వ్యాధి" అని రెండూ పక్కపక్కన పెట్టాను, ఆ తర్వాతే విడిగా వాడాను. రెండో వెర్షన్‌లో ఉన్నది మాత్రం "తెల్ల జబ్బు". అలాంటి పేరు ఎవరూ అనరు, పైగా ప్రమాదం. గుంటల దగ్గర వైట్ గట్ అని ఇంకో సమస్య ఉంది. పేగు తెల్లబడడం, నీటి మీద తెల్లటి పేడ తీగలు తేలడం. దాని కారణాలు వేరు, తీసుకునే చర్యలు వేరు. "తెల్ల జబ్బు" అంటే రైతు ఏదనుకోవాలి? ఒకటనుకుని ఇంకోదానికి చేసే పని చేస్తే ఆలస్యమైన ప్రతిరోజూ డబ్బే. పర్యాయపదం పెట్టే ముందు, ఆ కొత్త పేరుతో ఇంకేదైనా వస్తువుని పిలుస్తున్నారా అని అడగాలి. నిఘంటువు ఈ విషయం చెప్పదు, ఆ పనిలో ఉన్నవాళ్లే చెప్పాలి.

ఇలాంటిదే ఎస్‌పీఎఫ్ పిల్ల. ఎస్‌పీఎఫ్ అంటే జాబితాలో ఉన్న కొన్ని రోగకారకాలు లేని తల్లి రొయ్యల నుంచి వచ్చినది అని. గుంటలోకి వచ్చాక దానికి జబ్బు రాదని కాదు. ఎస్‌పీఎఫ్ అనే మాట ఎక్కువైందని "వ్యాధి నిరోధక పిల్ల" అని మార్చారు. ఆ మాటకి జబ్బును తట్టుకునే పిల్ల అని అర్థం. ఆ ధైర్యంతో పీతల వల కట్టని రైతు ఒక్కరున్నా నష్టం మామూలుగా ఉండదు. ఇక్కడ నేను ఎస్‌పీఎఫ్‌నే ఉంచి, పక్కన ఉన్న మాటని మార్చాను: ఎస్‌పీఎఫ్ సీడ్, ఎస్‌పీఎఫ్ పిల్ల. సీడ్ అన్నా పిల్ల అన్నా గుంటల దగ్గర ఒకటే, ఎవరూ తికమక పడరు.

బాబాయి దగ్గర చదివిన సాయంత్రం

రాత పని అయ్యాక విడవలూరు వైపు రొయ్య వేసే మా బాబాయి దగ్గరికి ప్రింట్ తీసుకుని వెళ్లాను. ఆయనకి ఇచ్చి చదవమనలేదు, నేనే పైకి చదివాను. చెవితో విన్నప్పుడు తిరిగి వచ్చే మాట వెంటనే తగులుతుంది, అర్థం కాని చోట వినేవాళ్ల ముఖం చెబుతుంది. మొదటి రెండు పేజీలు తలూపుతూ విన్నారు. మూడో పేజీలో ఈ వాక్యం వచ్చింది:

"జబ్బు కనిపిస్తే సైజు ఎక్కువగా ఉన్నా వెంటనే పట్టుబడి చేసేయాలి."

"ఆగు అమ్మాయ్, మళ్లీ చదువు."

చదివాను.

"సైజు ఎక్కువ ఉంటే పట్టడానికి ఇబ్బందేముంది? పెద్దరొయ్య ఉంటే ఎవరైనా సంతోషంగా పడతారు. నువ్వు చెప్పాలనుకుంది అది కాదు కదా."

కాదు. మొదటి వెర్షన్‌లో "కౌంట్ ఎక్కువగా ఉన్నా" అని ఉంది. ఆ పేరాలో కౌంట్ ఆరుసార్లు వచ్చిందని ఒకచోట "సైజు" అని నేనే మార్చాను. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయి అని. 100 కౌంట్ అంటే ఒక్కో రొయ్య 10 గ్రాములు, 50 కౌంట్ అంటే 20 గ్రాములు, 40 కౌంట్ అంటే 25. కౌంట్ పెరిగిందంటే రొయ్య చిన్నదని. కౌంట్, సైజు ఒకదానికొకటి ఎదురు నడుస్తాయి. "రొయ్య ఇంకా చిన్నగా ఉన్నా, ధర రాకపోయినా పట్టేయండి" అని చెప్పాల్సిన వాక్యం నా చేతిలో తిరగబడింది. నేను నెల్లూరులో పుట్టి పెరిగి, ఇంట్లో రొయ్యల మాటలు వింటూ పెరిగి కూడా ఈ తప్పు చేశాను, ఎందుకంటే ఆ క్షణంలో నా కన్ను పదం మీద ఉంది, రొయ్య మీద లేదు.

"మరి ఎట్టా రాయను బాబాయ్? కౌంట్ కౌంట్ అని ఆరుసార్లు ఉంది."

"ఉంటే ఉండనీ. మేం రోజుకి అరవైసార్లు అంటాం."

అది నాకు చాలా ఉపయోగపడిన మాట. ఆ రంగంలో కొలతగా వాడే పదం ఎన్నిసార్లు వచ్చినా ఆ రంగం మనిషికి మోటుగా ఉండదు. మోటుగా ఉండేది "నెల్లూరు జిల్లాలో వనామీ రొయ్యల సాగు" లాంటి, మాట్లాడేటప్పుడు ఎవరూ పూర్తిగా అనని మాట. ఆ పేరాలో కౌంట్‌ని ఆరుచోట్లా తిరిగి పెట్టేశాను, ఈ వాక్యాన్ని మాత్రం "జబ్బు కనిపిస్తే 100 కౌంట్‌లో ఉన్నా సరే, వెంటనే పట్టుబడి చేసేయాలి" అని అంకెతో రాశాను.

"గుంట", "చెరువు" గురించి కూడా ఆయన్నే అడిగాను. మొదటి వెర్షన్ నిండా "రొయ్యల చెరువు" అని ఉంది. గోదావరి జిల్లాల వైపు అలాగే అంటారు, తప్పేమీ లేదు. మనవైపు చెరువు అంటే ముందు గుర్తొచ్చేది పొలాలకి నీళ్లిచ్చే చెరువు, రొట్టెల పండగ జరిగే స్వర్ణాల చెరువు. రొయ్యలకి గుంట. షాపు కస్టమర్లు దాదాపు అందరూ ఈ జిల్లా వాళ్లే కాబట్టి వ్యాసమంతా గుంట చేసి, "రొయ్యల చెరువు" అని వెతికేవాళ్ల కోసం మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి చెరువు ఉంచాను. రెండు మాటలూ ఒకే వాక్యంలో రాకుండా చూసుకున్నాను, వస్తే రెండు వేరు వేరు జాగాలనుకుంటారు. వనామీ స్పెల్లింగ్ కూడా అంతే. వెనామీ, వన్నామి అని రకరకాలుగా రాస్తారు. వ్యాసం మొత్తం ఒకటే ఉంచి, "కొందరు వెనామీ అంటారు" అని ఒక్కసారి చెప్పి వదిలేశాను. స్పెల్లింగులన్నీ తలా కాస్త చల్లితే అది వైవిధ్యంగా కాక అచ్చుతప్పుల్లా కనిపిస్తుంది.

"అందులో" అంటే ఎందులో

మాట తీసేసి సర్వనామం పెట్టడం సులువైన దారే, కానీ ఆ దారిలో ఒక పెద్ద గొయ్యి ఉంది. నీటి శుద్ధి గురించిన పేరాలో పాత వాక్యం ఇది: "రిజర్వాయర్ చెరువులో నీటిని నింపి, రిజర్వాయర్ చెరువులో బ్లీచింగ్ వేసి, తర్వాత రిజర్వాయర్ చెరువు నీటిని సాగు చెరువులోకి పంపాలి." చెరువు నాలుగుసార్లు, రిజర్వాయర్ మూడుసార్లు. నా మొదటి ప్రయత్నం: "కల్చర్ గుంటలోకి పంపే నీళ్లని ముందు రిజర్వాయర్‌లో నింపి అందులో బ్లీచింగ్ వేయాలి." ఇంతవరకు బాగుంది. కానీ దాని తర్వాతి వాక్యాన్ని "నీళ్లు గుంటలోకి పంపాక ఇంకా తక్కువైతే మళ్లీ నింపి అందులో కూడా బ్లీచింగ్ వేయాలి" అని కుదించాను. ఈ "అందులో" దేనికి? దగ్గరలో ఉన్న మాట గుంట. గుంటలో రొయ్య ఉంది. చంపే మోతాదులో బ్లీచింగ్ అందులో వేస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

సర్వనామం ముందు రెండు పేర్లు వచ్చి ఉంటే, చదివేవాళ్లు దగ్గరిదాన్నే పట్టుకుంటారు. అలాంటి చోట పేరు మళ్లీ చెప్పడం తప్పు కాదు, చెప్పకపోవడమే తప్పు. వాక్యాన్ని విడగొట్టాను: "నీళ్లు తక్కువైతే మళ్లీ రిజర్వాయర్ నింపండి. బ్లీచింగ్ రిజర్వాయర్‌లోనే వేయాలి, రొయ్య ఉన్న గుంటలో కాదు. క్లోరిన్ వాసన పూర్తిగా పోయి, టెస్ట్ చేసుకున్నాకే రిజర్వాయర్ నీళ్లు గుంటలోకి వదలాలి."

చివరి భాగంలో, జబ్బు వచ్చిన గుంట నీళ్లని శుద్ధి చేయకుండా కాలువలోకి వదలకూడదు అన్నచోట కూడా ఇదే పాటించాను. అక్కడ "దాన్ని వదలకూడదు" అని రాయకుండా "ఆ గుంట నీళ్లు" అని పూర్తిగా చెప్పాను. పక్కవాళ్లు నీళ్లు తోడుకునేది ఆ కాలువ నుంచే.

ఆ తర్వాత

వ్యాసం 1,380 పదాల నుంచి 1,190కి వచ్చింది. తగ్గిన 190లో సమాచారం ఒక్కటీ లేదు. "వైట్ స్పాట్" 29 నుంచి 17కి దిగింది, ఇంకా తగ్గించాలని నేను చూడలేదు, విషయమే అది కాబట్టి. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో రెండు నెలలు చూశాం. అసలు కీవర్డుకి పేజీ ఉన్నచోటే ఉంది, కిందికి పడలేదు. ఓనర్‌కి ఉన్న పెద్ద టెన్షన్ అదే, అది తీరింది. "తెల్లమచ్చ" ఉన్న వెతుకులాటల్లో ఈ పేజీ కనిపించడం కొత్తగా మొదలైంది. ఆ మాట ఇంతకుముందు ఈ పేజీలో లేనే లేదు కాబట్టి ఇందులో వింతేమీ లేదు. దీన్నిబట్టి వేరే పేజీలకి కూడా ఇలాగే అవుతుందని నేను చెప్పను, ఇది ఒక్క పేజీ.

ట్రీట్‌మెంట్ ఉందా అనే ఫోన్లు ఆగాయని ఓనర్ చెప్పారు. ఇప్పుడు పీతల వల గురించి, పిల్ల తెచ్చే ముందు చేయించే పీసీఆర్ టెస్ట్ గురించి అడుగుతున్నారట.

పేజీ పెట్టాక ఆయన ఒక్క సవరణ అడిగారు. "ఆ బ్లీచింగ్ వాక్యాల్లో రిజర్వాయర్ మూడుసార్లు వచ్చింది, ఒకటి మార్చలేరా" అని. మూడు వాక్యాలూ ఫోన్‌లో చదివి వినిపించి, ఏది తీసేద్దామో మీరే చెప్పండి సార్ అన్నాను. కాసేపు ఆగి, "వద్దులే, ఉండనీండి" అన్నారు. మూడూ అలాగే ఉన్నాయి.